లావు పుస్తకం ఎక్కడ మొదలుపెట్టాలి?

డేనియల్ కానెమాన్ 2011లో వెలువరించిన ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’లో 38 అధ్యాయాలున్నాయి. వరసగా చదవడానికి కూర్చోకండి. ముందు విషయసూచిక చూడండి: పుస్తకం ఐదు భాగాలని తెలుస్తుంది. తర్వాత ముందుమాట, వెంటనే చివరి ముగింపు చదవండి. మన ఆలోచనలో వేగంగా తీర్పు చెప్పేదొకటి, నిదానంగా తూచేదొకటి ఉన్నాయన్న ప్రధాన వాదన అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు మీకేం కావాలో తేల్చుకోండి. షేర్లలో డబ్బు పెట్టేవారైతే మూడో భాగం తెరవండి. మితిమీరిన నమ్మకం గురించిన ఆ భాగంలో, 20వ అధ్యాయం షేర్ల నిపుణుల అంచనాలను పరీక్షిస్తుంది. దాన్ని పెన్సిల్ పట్టుకుని, ప్రతి ఆధారం దగ్గరా ఆగి చదవండి. మిగతా అధ్యాయాలకు చివరి పేజీ చూస్తే ప్రస్తుతానికి చాలు.

అయితే ఈ పద్ధతికో హద్దుంది. ముగింపు వాదన ఏమిటో చెబుతుంది, దాని కింది ఆధారం గట్టిదో కాదో చెప్పదు. నాలుగో అధ్యాయంలోని కొన్ని ప్రయోగాలను ఇతరులు మళ్లీ చేస్తే అవే ఫలితాలు రాలేదు. చిన్న అధ్యయనాలను అతిగా నమ్మానని 2017లో కానెమానే ఒప్పుకున్నారు. అందుకే, ఏ మాటను నమ్మి నిర్ణయం తీసుకోబోతున్నారో ఆ అధ్యాయాన్ని మాత్రం పూర్తిగా చదవాలి.