టీవీకి కీబోర్డు జత చేస్తే

మన బడి నాడు-నేడు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్‌లోని చాలా ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకులోయ చుట్టుపక్కల కొండల్లోనూ గోడకు టీవీ ఉన్న బడులున్నాయి. అక్కడ మాస్టారు పిల్లలకు ఏదైనా వెతికి చూపించాలంటే రిమోటే దిక్కు. తెరమీది అక్షరాల పలకలో q దగ్గర మొదలుపెట్టి araku అన్న మాట కూర్చి చూడండి. ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి జరగడానికి 18 నొక్కులు, ఎంచుకోవడానికి మరో 5, మొత్తం 23 నొక్కులు కావాలి. కీబోర్డు మీద 5 చాలు. ఫోన్ హాట్‌స్పాట్ పాస్‌వర్డులో పెద్ద అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటే రిమోట్‌తో మరీ ఇబ్బంది.

ఫోన్‌నే రిమోట్‌గా మార్చే యాప్‌లున్నాయి. అయితే వాటిలో చాలావాటికి ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉండాలి. బ్లూటూత్‌కు ఆ అవసరం లేదు. కీబోర్డు తన రేడియోతో నేరుగా టీవీతోనే మాట్లాడుతుంది. కొండ అడ్డొచ్చి మొబైల్ సిగ్నల్ పోయినా కీబోర్డు పనిచేస్తుంది. ఒకే గదిలో, పది మీటర్ల లోపు ఉంటే చాలు.

ఆండ్రాయిడ్ లేదా గూగుల్ టీవీ అయితే Settings లోకి వెళ్లి Remotes & Accessories తెరిచి, Pair accessory నొక్కాలి. కొన్ని టీవీల్లో దీన్నే Add accessory అంటారు. తరవాత కీబోర్డు మీది బ్లూటూత్ మీటను దీపం గబగబా మినుకుమనేదాకా నొక్కి పట్టుకోవాలి. తెర మీద దాని పేరు కనిపిస్తే ఎంచుకోవాలి. అప్పుడు చాలా కీబోర్డులకు టీవీ ఆరంకెల సంఖ్య చూపిస్తుంది. దాన్ని రిమోట్‌తో కాదు, ఆ కీబోర్డుతోనే కొట్టి Enter నొక్కాలి.

ఈ అంకెలు ఎందుకంటే, కీబోర్డుకు తెర లేదు, టీవీకి మీటలు లేవు. అంకెలు చూడగలిగేది, కొట్టగలిగేది గదిలో ఉన్న మనిషే. టీవీ పిలిచింది ఈ కీబోర్డునేనని, పక్కగదిలోని మరోదాన్ని కాదని అలా తేలుతుంది. ఆపైన రెండూ ఒక రహస్య తాళంచెవిని తయారుచేసుకుని దాచుకుంటాయి. కొట్టే ప్రతి అక్షరమూ ఆ చెవితో మూసే గాలిలోకి వెళుతుంది. వైఫై పాస్‌వర్డు కొట్టేటప్పుడు ఈ రక్షణ చాలా ముఖ్యం. మౌస్‌నూ ఇలాగే జత చేయవచ్చు, దానికి అంకెలు కొట్టే వీలు లేదు కాబట్టి అడగకుండానే జతపడుతుంది. కొన్ని కొత్త కీబోర్డులూ అంకెలు అడగకుండానే జతపడతాయి. వాటి మాటలూ మూసే వెళతాయి కానీ, అవతల ఉన్నది ఎవరన్న పరీక్ష మాత్రం జరగదు. కరెంటు పోయి వచ్చినా తాళంచెవి టీవీ జ్ఞాపకంలో ఉంటుంది కనుక మళ్లీ జత చేయక్కర్లేదు. టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మాత్రం అది చెరిగిపోతుంది.

కీబోర్డు పేరు తెర మీదకి రాకపోతే ముందు అది బ్లూటూత్‌దేనా అని చూడాలి. బజారులో వైర్‌లెస్ అని అమ్మేవాటిలో చాలావాటికి యుఎస్‌బి డాంగిల్ ఉంటుంది, తరచుగా బ్యాటరీ అరలోనే దాగి ఉంటుంది. డాంగిల్‌తో మాత్రమే పనిచేసేవి బ్లూటూత్ వెతుకులాటలో ఎప్పటికీ కనిపించవు. డాంగిల్‌ను టీవీ వెనక గుచ్చితే చాలు, జత చేసే పనే లేదు. బ్లూటూత్‌దే అయితే అంతకుముందు జతపడిన ఫోన్‌ను అది వెతుక్కుంటూ ఉండవచ్చు. ఆ ఫోన్లో బ్లూటూత్ ఆపి, మీటను మళ్లీ నొక్కి పట్టుకోవాలి. జతపడినా అక్షరాలు ఆగి ఆగి పడుతుంటే బ్యాటరీ చూడండి. బ్లూటూత్‌లాగే వైఫై కూడా తరచుగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లోనే నడుస్తుంది కనుక హాట్‌స్పాట్ ఫోన్‌ను టీవీ పక్కనుంచి కొంచెం దూరంగా పెట్టండి.

కీబోర్డులోని బాణం మీటలు రిమోట్ బాణాల్లాగే పనిచేస్తాయి, Enter ఎంపికకు, Esc చాలా టీవీల్లో వెనక్కి వెళ్లడానికి. అక్షరాలు మాత్రం సాధారణంగా ఇంగ్లిషులోనే పడతాయి. అయినా యూట్యూబ్‌లో borra guhalu అని కొడితే బొర్రా గుహల వీడియోలు దొరుకుతాయి. మౌస్ ఉపయోగం ఎక్కువగా బ్రౌజర్‌లోనే. వెబ్ పేజీలో చిన్న లింకులు బాణాలతో అందుకోవడం కష్టం, మౌస్ సూచికతో నేరుగా వెళ్లవచ్చు, చక్రం తిప్పి పేజీ జరపవచ్చు. అయితే ఆండ్రాయిడ్ టీవీలు చాలావాటిలో బ్రౌజర్ ముందుగా ఉండదు, ప్లేస్టోర్ నుంచి టీవీకి తగినది వేసుకోవాలి. సినిమాలు చూపే యాప్‌లు చాలావరకు బాణాల కోసమే తయారయ్యాయి, వాటిలో మౌస్ కదిలినా ఒక్కోసారి ఏమీ ఎంపిక కాదు.

అందుకే బడికి ఒక్కటే కొనగలిగితే కీబోర్డు కొనండి, వీలైతే వేళ్లతో తాకే టచ్‌ప్యాడ్ ఉన్నది. కొనేముందు పెట్టె మీద బ్లూటూత్ గుర్తు ఉందో లేదో దుకాణంలోనే చూసుకోండి.