ఉపవాసం రోజు క్రియాటిన్: పొడి తాగితే ఉపవాసం చెడుతుందా, కడుపు పాడవుతుందా?

జిమ్‌కు వెళ్ళే పిల్లలున్న ఇళ్ళలో ఈమధ్య ఒక వాదన తరచుగా వినిపిస్తోంది. కొడుకు రాత్రి ఎనిమిదింటికి భోజనం ముగిస్తే మళ్ళీ మధ్యాహ్నం పన్నెండు దాకా ఏమీ తినడు. 16 గంటల ఉపవాసం, 8 గంటల తిండి అంటాడు. కానీ పొద్దున ఆరింటికే గ్లాసు నీళ్ళలో తెల్లపొడి కలుపుకొని తాగుతాడు. "అన్నం మానేసి ఆ పొడి తాగితే అదేం ఉపవాసంరా?" అని తల్లి అడుగుతుంది. "అందులో ఏమీ లేదమ్మా, అది తిండి కాదు" అని వాడంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఎందుకంటే ఇద్దరూ 'ఉపవాసం' అనే మాటను ఒకే అర్థంలో వాడడం లేదు.

ముందు ఆ పొడి ఏమిటో చూద్దాం. క్రియాటిన్ మన శరీరంలోనే తయారయ్యే పదార్థం. కాలేయం, మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు ఒక గ్రాము తయారు చేస్తాయి. మాంసం, చేపలు తినేవారికి తిండి ద్వారా మరికొంత అందుతుంది. దానిలో సుమారు 95 శాతం కండరాల్లో నిల్వ ఉంటుంది. బరువు ఎత్తినప్పుడు, ఒక్కసారిగా పరుగు తీసినప్పుడు మొదటి కొన్ని సెకన్ల శక్తికి అది ఆసరా. 1832లో ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రోల్ దీన్ని మాంసంలో కనుక్కొని, మాంసానికి గ్రీకు భాషలో ఉన్న మాట నుంచే పేరు పెట్టాడు. అందుకని శాకాహార కుటుంబాలు అనుమానపడనక్కర్లేదు. డబ్బాలో వచ్చే క్రియాటిన్ మోనోహైడ్రేట్‌ను కర్మాగారంలో రసాయనాలతోనే తయారు చేస్తారు, మాంసం నుంచి తీయరు. క్యాప్సూల్ రూపంలో కొంటే మాత్రం పైతొడుగు జెలటిన్‌దా కాదా అని చూసుకోవాలి. జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. బరువు తగ్గడానికో, షుగర్ అదుపులో ఉంచుకోవడానికో చేసే ఉపవాసంలో ముఖ్యమైన సంగతి రక్తంలో చక్కెర, ఇన్సులిన్ పెరగకుండా ఉండడం. క్రియాటిన్ చక్కెర కాదు, పిండిపదార్థం కాదు, కొవ్వు కాదు. నత్రజని ఉన్నా శరీరం దాన్ని మాంసకృత్తుల్లాగా విడగొట్టి ఇంధనంగా కాల్చుకోదు. కండరంలోకి చేరినది అక్కడ పనిచేసి, చివరికి క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. ఏమీ కలపని పొడి మూడు నుంచి ఐదు గ్రాములు నీళ్ళతో తాగితే ఇన్సులిన్ చెప్పుకోదగినంతగా పెరగదు. ఈ అర్థంలో కొడుకు మాటే ఒప్పు, ఉపవాసం చెడదు.

అయితే డబ్బాలో క్రియాటిన్ ఒక్కటే ఉన్నప్పుడే ఈ మాట వర్తిస్తుంది. మామిడి రుచి, పుచ్చకాయ రుచి అని వచ్చే వాటిలో చక్కెరో, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థమో ఉండవచ్చు. వ్యాయామానికి ముందు తాగమని అమ్మే మిశ్రమాల్లో కెఫీన్ కూడా ఉంటుంది. అవి తాగి 'క్రియాటిన్ వల్ల ఉపవాసం చెడలేదు' అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. డబ్బా వెనుక పదార్థాల జాబితాలో క్రియాటిన్ మోనోహైడ్రేట్ అన్న ఒక్క మాటే ఉండాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు పక్కన 14 అంకెల లైసెన్సు సంఖ్య కూడా ఉందో లేదో చూడండి.

ఏకాదశి, శివరాత్రి, శనివారం ఒంటిపూట వంటి వ్రతాల సంగతి వేరు. అక్కడ ఇన్సులిన్ లెక్క కాదు, ఆ ఇంటి నియమమే లెక్క. నీళ్ళు కూడా ముట్టని నిర్జల ఏకాదశికి, రంజాన్ రోజాకు అసలు ప్రశ్నే లేదు. పొడి గొంతు దిగితే ఉపవాసం పోయినట్టే. పండు, పాలు తీసుకునే వ్రతాల్లో పెద్దలు ఏది సరే అంటే అది. మా అభిప్రాయం అడిగితే, ఆ రోజు పొడి మానేయడమే సుఖం. ఎందుకో లెక్కతో చెబుతాం.

డెబ్భై కిలోల మనిషి శరీరంలో మొత్తం క్రియాటిన్ సుమారు 120 గ్రాములు ఉంటుంది. అందులో రోజుకు సుమారు రెండు గ్రాములు, అంటే రెండు శాతం లోపే, క్రియాటినిన్‌గా మారి బయటికి పోతుంది. అందులోనూ దాదాపు సగం శరీరమే తిరిగి తయారు చేసుకుంటుంది. అంటే ఒక్కరోజు పొడి మానితే నిల్వలో తగ్గేది ఒక శాతం అటూ ఇటూ. పొడి పూర్తిగా ఆపేసినా కండరాల్లో పెరిగిన నిల్వ మామూలు స్థాయికి దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నెలకు రెండు ఏకాదశులు మానినంత మాత్రాన జిమ్‌లో ఎత్తే బరువు తగ్గదు. క్రియాటిన్ కాఫీలాగా తాగిన గంటలో పనిచేసేది కాదు. రోజూ కొంచెం కొంచెంగా నిండే తొట్టి లాంటిది. తొట్టి నిండడమే ముఖ్యం, ఏ గంటకు నీళ్ళు పోశామన్నది కాదు. కాబట్టి పొద్దున ఆరింటికే, ఖాళీ కడుపుతోనే తాగి తీరాలన్న పట్టుదలకు ఆధారం లేదు.

ఇప్పుడు కడుపు సంగతి. చాలామందికి ఖాళీ కడుపుతో తాగినా ఏమీ కాదు. నిజానికి తిండి లేనప్పుడు అది రక్తంలోకి త్వరగానే చేరుతుంది. ఇబ్బంది పడేవారు సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి చేస్తున్నారు. ఒకటి, ఒకేసారి ఎక్కువ మోతాదు. రెండు, తక్కువ నీళ్ళు.

క్రియాటిన్ నీటిలో సులువుగా కరగదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 14 గ్రాములే కరుగుతుంది. అంటే ఐదు గ్రాములు పూర్తిగా కరగాలంటే 350 మిల్లీలీటర్ల పైనే నీళ్ళు కావాలి. ఇంట్లో మామూలు గ్లాసు 200 మిల్లీలీటర్లు ఉంటుంది. ఫ్రిజ్ నీళ్ళయితే ఇంకా తక్కువ కరుగుతుంది. గ్లాసు అడుగున ఇసుకలా మిగిలేది కరగని పొడే. దాన్ని తిప్పి గటగటా తాగేస్తే అది పేగుల్లోకి చేరి, పీల్చుకోబడేలోగా చుట్టూ ఉన్న నీటిని తనవైపు లాగుతుంది. కడుపు ఉబ్బరం, గుడగుడలు, నీళ్ళ విరేచనం దాని వల్లే. ఖాళీ కడుపులో కలిసి నెమ్మదింపజేసే తిండి కూడా ఉండదు కనుక ఆ పొడి ఒక్క ఉదుటున పేగుల్లోకి దిగుతుంది.

మోతాదు సంగతిని ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద 2008లో ప్రచురించిన ఒక పరిశోధన పరీక్షించింది. ఐదేసి గ్రాముల చొప్పున రెండుసార్లు తీసుకున్నవారిలో విరేచనాలు ఉత్తుత్తి పొడి తీసుకున్నవారి కంటే ఎక్కువ కాలేదు. అదే పది గ్రాములు ఒకేసారి తీసుకున్నవారిలో సగం మందికి పైగా ఆ బాధ కనిపించింది. మొదటి వారం రోజుకు 20 గ్రాములు 'లోడింగ్' చేయమని జిమ్‌లో చెబుతారు. అది నాలుగు భాగాలుగా తిండితో తీసుకునే పద్ధతి. ఎనిమిది గంటల్లోనే తిండి ముగించేవారికి దాన్ని ఇరికించడం కష్టం, అవసరమూ లేదు. 1996లో హల్ట్‌మన్ బృందం చూపించింది కూడా ఇదే: రోజుకు మూడు గ్రాములు 28 రోజులు తీసుకున్నా, ఆరు రోజుల లోడింగ్‌తో వచ్చినంత నిల్వే వచ్చింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హోసూరులో ఫ్యాక్టరీ షిఫ్టు చేసే 68 కిలోల యువకుడు అనుకోండి. ఆరింటికి జిమ్, పన్నెండుకు మొదటి భోజనం, రాత్రి ఎనిమిదికి చివరిది. పొద్దున రెండు స్కూపులు, అంటే పది గ్రాములు, ఫ్రిజ్ నీళ్ళ గ్లాసులో కలిపి తాగి, వెంటనే ఫిల్టర్ కాఫీ కూడా తాగుతున్నాడు. ఎనిమిది కల్లా రెండుసార్లు బాత్రూముకు పరుగు. ఇక్కడ తప్పు పొడిదా, కాఫీదా, కాఫీలోని పాలదా తెలుసుకోవాలంటే అన్నీ ఒకేసారి మార్చకూడదు. మొదట నాలుగు రోజులు పొడి ఒక్కటే ఆపాలి, కాఫీ మామూలుగానే ఉండనివ్వాలి. బాధ అలాగే ఉంటే పొడి కారణం కాదు. పైగా పాలు, చక్కెర వేసిన ఆ కాఫీతోనే అతని ఉపవాసం ఆరింటికే ముగిసిపోతోంది. పొడి ఆపగానే బాధ తగ్గితే, మధ్యాహ్నం భోజనం చివర మూడు గ్రాములతో మళ్ళీ మొదలుపెట్టాలి. పొడిని పావు లీటరు గోరువెచ్చని నీళ్ళలో, అడుగున ఏమీ మిగలకుండా కలపాలి. గోరువెచ్చని నీటిలో ఇది బాగా కరుగుతుంది. కలిపిన వెంటనే తాగేయాలి. సీసాలో కలిపి సాయంత్రం దాకా ఉంచితే కొంత క్రియాటినిన్‌గా మారిపోతుంది. మజ్జిగలో కలుపుకోవచ్చు గానీ పులుపులో ఆ మార్పు ఇంకా త్వరగా జరుగుతుంది కనుక అదీ వెంటనే తాగాల్సిందే. ఇలా వారం చూసి, ఇంత తక్కువ మోతాదు కూడా పడకపోతే ఆ శరీరానికి ఇది వద్దనే అర్థం. మరో ఖరీదైన రకానికి మారడం కంటే మానేయడం మేలు.

మొదటి వారాల్లో తూకంలో అరకిలో నుంచి కిలో పైన పెరగవచ్చు. అది కండరాల్లో చేరే నీరు, కొవ్వు కాదు. బరువు తగ్గడానికి ఉపవాసముండేవారు అప్పుడు కంగారుపడి తిండి మరింత తగ్గించడం చూస్తుంటాం. అలాంటప్పుడు తూకం కంటే నడుము కొలత చూసుకోవడం నయం.

ఒక విషయం మాత్రం ఇంట్లో అందరికీ తెలియాలి. రక్తపరీక్ష కోసం పరగడుపున రమ్మంటే, ఆపరేషన్ ముందు ఏమీ తినవద్దంటే, అక్కడ ల్యాబు లేదా ఆసుపత్రి చెప్పిన మాటే నియమం. ఆ పొద్దున పొడి వద్దు. మూత్రపిండాల పరీక్షలో కొలిచేది కూడా క్రియాటినిన్‌నే. పొడి తీసుకునేవారిలో మూత్రపిండాలు బాగానే ఉన్నా ఆ అంకె కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు. డాక్టరుకు ముందే చెబితే అనవసర భయం తప్పుతుంది. కావాలంటే సిస్టాటిన్-సి అనే మరో పరీక్షతో సరిచూస్తారు. కానీ 'పొడి వల్లేలే' అని మీకు మీరే తీర్మానించుకొని రిపోర్టును పక్కన పెట్టకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, షుగర్ మందులు వాడుతూ ఉపవాసం చేసేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఈ పొడి మొదలుపెట్టకూడదు. కొడుకు డబ్బా వంటింట్లోనే ఉంటుంది కనుక, మోకాళ్ళకు బలమని తండ్రి కూడా ఒక చెంచా కలుపుకోవడం అసాధ్యమేమీ కాదు. ఆయన షుగర్ మందులు వాడేవారైతే ఆ చెంచాకు ముందు డాక్టరును కలవాలి.