ఖాళీ గడిలో ఏ అంకె?

డిప్రెషన్ మందును పరీక్షిస్తున్న ఒక ట్రయల్‌ను ఊహించుకుందాం. అందులో చేరిన ఒకాయనకు పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో మొదటి రోజు 27కి 20 వచ్చింది. రెండో వారం 16, నాలుగో వారం 14. ఎనిమిదో వారం ఆయన రాలేదు, ఫోనూ ఎత్తలేదు. మందు పనిచేసిందో లేదో తేల్చేది ఆ ఎనిమిదో వారం స్కోరే. మరి ఆ గడిలో ఏం రాయాలి?

చాలా ఏళ్లపాటు 14నే మళ్లీ రాసేసేవారు. కానీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో కూడా డిప్రెషన్ స్కోరు వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంటుంది. ఈయన ఒక్కడే నాలుగో వారం దగ్గర ఆగిపోయాడనుకోవడం ఎలా? దుష్ఫలితాలు భరించలేక మందు మానేసి ఉంటే స్కోరు మళ్లీ పెరిగి ఉండొచ్చు కూడా. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది: ఊహించిన 14ను కొలిచిన 14తో సమానంగా లెక్కలో కలిపేయడం.

డోనాల్డ్ రూబిన్ 1987లో పుస్తకంగా వివరించిన మల్టిపుల్ ఇంప్యుటేషన్ ఈ తప్పును సరిదిద్దుతుంది. ఈయనలాగే మొదలై, ఈయనలాగే తగ్గుతూ వచ్చి, చివరిదాకా ఉన్నవారి స్కోర్లను బట్టి ఆ గడిని ఒకసారి 10తో, మరోసారి 13తో, ఇంకోసారి 8తో నింపుతారు. అలా తయారైన ప్రతి పట్టికనూ విడిగా లెక్కిస్తారు.

ఐదు పట్టికల్లో మందుకీ ఉత్తుత్తి మాత్రకీ మధ్య తేడా 2.4, 2.9, 2.2, 3.1, 2.4 పాయింట్లు వచ్చిందనుకోండి. సగటు 2.6. ఒక్కో పట్టికలో ప్రామాణిక దోషం 0.8 అయితే, ఐదు జవాబులూ ఒకదానితో ఒకటి విభేదించినందుకు రూబిన్ సూత్రం దాన్ని 0.9కి పెంచుతుంది. మనకు తెలియనితనానికి కట్టే మూల్యం ఆ 0.1. (ఐదు పట్టికలు పాతకాలం మాట, ఇప్పుడు ఇరవై, యాభై కూడా వేస్తారు.)

ఇదంతా ఎవరికి ఏ మాత్ర అందిందో బయటపడకముందే గణాంక ప్రణాళికలో రాసి పెట్టాలి. ఫలితం చూశాక పద్ధతి ఎంచుకుంటే, నచ్చిన జవాబిచ్చే పద్ధతే చేతికి తగులుతుంది.

అయినా ఒక అనుమానం మిగులుతుంది. మానేసినవారు నిజంగా ఉండిపోయినవారి దారిలోనే నడిచారా? ఈ మాటను డేటాతో రుజువు చేయలేం. అందుకే ప్రణాళికలో ఇంకో పరీక్ష చేరుస్తారు. మందు తీసుకుంటూ మానేసినవారికి నింపిన స్కోర్లన్నిటికీ 1, 2, 3 పాయింట్ల చొప్పున కలుపుతూ, ఫలితం ఎక్కడ కూలుతుందో చూస్తారు. మందు గుంపులో 20 శాతం మంది మానేస్తే, ఒక్కో పాయింటుకు తేడా 0.2 తగ్గుతుంది. 4 పాయింట్లు కలిపితే 1.8 మిగిలి, ఫలితం అంచున నిలబడుతుంది. 5 కలిపితే 1.6కి దిగుతుంది, 0.9 దోషం ముందు అది నిలవదు.

ఈ ప్రశ్నావళిలో 5 పాయింట్లంటే వైద్యులు లెక్కలోకి తీసుకునే మార్పే. మానేసినవారు అంతగా దిగజారి ఉంటారా అన్నది గణాంక నిపుణులు ఒంటరిగా తేల్చలేరు. వైద్యులతో కూర్చుని, మానేసిన కారణాల పట్టీ తెరవాల్సిందే. అందులో ఎక్కువమంది ‘ఊరు మారాం’ అని చెప్పి ఉంటే ఫలితం మీద భరోసా పెరుగుతుంది. ‘మందు పడలేదు’ అని చెప్పి ఉంటే ఆ 5 అసాధ్యమేమీ కాదు.