మీకు తెలుసా? ఒకే గుర్రం, మూడు ఆడ్స్

• 2022 మే 7న కెంటకీ డెర్బీ గెలిచిన రిచ్ స్ట్రైక్‌కు, ముందు రోజు ఇంకో గుర్రం తప్పుకుంటే గానీ రేసులో చోటు దక్కలేదు. లూయివిల్‌లోని చర్చిల్ డౌన్స్‌లో దాని ఆడ్స్ 80-1. అంటే డాలరు పందేనికి 80 డాలర్ల లాభం. 2 డాలర్లకు 160 లాభం, అసలు 2 కలిపితే 162 రావాలి. కానీ 2 డాలర్ల టికెట్‌కు 163.60 వచ్చింది! పెద్ద ఆడ్స్‌లో పాయింటు తర్వాతి అంకెలు వదిలేసి చెబుతారు మరి. కచ్చితమైన లెక్క 80.80-1.

• 80-1 అని రాసేది భిన్నం పద్ధతి, లాభం ఒక్కటే చెబుతుంది. దశాంశ పద్ధతి అసలుతో కలిపి చేతికొచ్చేది చెబుతుంది కాబట్టి 1 కలపాలి: 81.80. సరిచూడాలంటే 163.60ని 2తో భాగించండి. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచేది ఈ 1నే.

• అమెరికన్ పద్ధతిలో కొలబద్ద 100 డాలర్లు. ప్లస్ ఉంటే, 100 పెడితే వచ్చే లాభం: 80.80ని 100తో గుణిస్తే +8080. మైనస్ ఉంటే లెక్క తిరగబడుతుంది. 100 లాభానికి ఎంత పెట్టాలో ఆ అంకె. −150 అంటే 150 పెడితే 100 లాభం. 100ని 150తో భాగిస్తే 2/3, దానికి 1 కలిపితే దశాంశంలో దాదాపు 1.67. దశాంశం నుంచి వెనక్కి రావాలంటే ముందు 1 తీసేయండి. మిగిలింది 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే 100తో గుణించి ప్లస్ పెట్టాలి. తక్కువైతే దానితో 100ని భాగించి మైనస్ పెట్టాలి.

• −100కూ +100కూ మధ్య ఆడ్స్ ఉండవు. రెండూ ఒకటే: డాలరుకు డాలరు, దశాంశంలో 2.00. అందుకే −105 నుంచి +105కి 210 తేడా ఉన్నట్టు కనిపించినా, దశాంశంలో అది 1.95 నుంచి 2.05కి జరగడమే. ఎందుకిలా ముడిపెట్టారో గానీ, పోల్చి చూడాలంటే దశాంశంలోకి మార్చుకోవడమే సుఖం.

• స్పోర్ట్స్ పందేల్లో రెండు వైపులా −110 తరచూ కనిపిస్తుంది. భిన్నంలో 10/11, దశాంశంలో 1.91. 1ని 1.91తో భాగిస్తే 52.4 శాతం, గెలుపు అవకాశాన్ని ఆ ధర అలా లెక్కగడుతోంది. రెండు వైపులా కలిపితే 104.8! వందకు మించడం తప్పు లెక్క కాదు. ఇద్దరు చెరో వైపు 110 కడితే పోగయ్యేది 220. గెలిచినవాడు తన 110తో పాటు 100 లాభం, మొత్తం 210 పట్టుకెళతాడు. మిగిలిన 10 డాలర్లు బుక్‌మేకర్‌వి, ఎవరు గెలిచినా.