గడువు తీరిన సర్టిఫికెట్.. మూగబోయిన ఫోన్లు

ఫోన్‌లో సిగ్నల్ పోతే మీరు టవర్‌నో, సిమ్‌నో అనుమానిస్తారు. 2018 డిసెంబరు 6న అసలు కారణం ఒక తేదీ! జపాన్‌లో మధ్యాహ్నం 1.39కి సాఫ్ట్‌బ్యాంక్ సేవలు ఆగాయి. బ్రిటన్‌లో అప్పుడు తెల్లవారుజాము. అక్కడ ఓ2 డేటా పోయింది, లండన్ బస్టాపుల్లో బస్సు ఎప్పుడొస్తుందో చూపే బోర్డులూ పనిచేయలేదు. రెండుచోట్లా వాడేది ఎరిక్సన్ సాఫ్ట్‌వేరే. అందులోని డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయిందని ఆ కంపెనీయే ప్రకటించింది. సర్టిఫికెట్ సాఫ్ట్‌వేర్ లోపలే ఉండటంతో ఆ తేదీ ఆపరేటర్ కంటపడలేదు. 9 నెలలు సాఫీగా నడిచిన సాఫ్ట్‌వేర్‌ను ఎవరు అనుమానిస్తారు?

పాత వెర్షన్‌కు మారి సాఫ్ట్‌బ్యాంక్ సాయంత్రం 6.04కి కోలుకుంది. ఓ2 4జీ మాత్రం మర్నాటి తెల్లవారుజామున గానీ తిరిగి రాలేదు.

ఇలాంటి లోపాన్ని ముందే పట్టాలంటే ల్యాబ్‌లో సిస్టమ్ తేదీని కొన్నేళ్లు ముందుకు జరిపి సాఫ్ట్‌వేర్‌ను నడపాలి. గడువు దాచుకున్న సర్టిఫికెట్ అక్కడే ఆగిపోతుంది.