జీతం పెంచింది చదువా, పుట్టిన ఇల్లా?

ఊళ్ళో ఎవరికి మంచి ఉద్యోగం వచ్చినా మా పెద్దమ్మ ఒకటే మాట అనేది: "వాళ్ళ నాన్న మాస్టారు కదే, రాక ఏమవుతుంది!" ఆర్థికవేత్తల్ని ఏళ్ళ తరబడి తిప్పలు పెట్టిన ప్రశ్న ఇదే.

ఇంటింటి సర్వేల్లో ఎన్నేళ్ళు చదివారు, ఎంత జీతం అని అడిగి రాసుకుంటారు. ఇంటర్ దాకా చదివినవాళ్ళకి పదితో ఆగినవాళ్ళకన్నా 20 శాతం ఎక్కువ వస్తోందనుకోండి. రెండేళ్ళ చదువుకి 20 శాతం అనేయచ్చా? నాన్న పలుకుబడి, ఇంట్లో పుస్తకాలు, పిల్లాడి సొంత తెలివి ఆ ఫారంలో ఉండవు. చదువునీ జీతాన్నీ రెండింటినీ పెంచింది అవే కావచ్చు.

ఈ ముడి విప్పడానికి ఎస్తేర్ డుఫ్లో 2001లో ఇండోనేషియాను తీసుకున్నారు. (తర్వాత 2019లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఈవిడ ఒకరు.) అక్కడి ప్రభుత్వం 1970లలో చమురు డబ్బుతో 61,000కు పైగా ప్రాథమిక బడులు కట్టింది. బడికి రాని పిల్లలు ఎక్కువున్న జిల్లాలకి ఎక్కువ బడులిచ్చింది. 1974లో 2 నుంచి 6 ఏళ్ళున్నవాళ్ళకి అవి అందాయి. 12 దాటినవాళ్ళకి అప్పటికే ఆ వయసు మించిపోయింది. ఎవరు ఏ ఏడాది పుట్టారన్నది వాళ్ళ తెలివిని బట్టి ఉండదు కదా!

1995 సర్వేలో జీతగాళ్ళయిన మగవాళ్ళని చూశారు. బడులు ఎక్కువ కట్టిన జిల్లాల్లో పెద్దవాళ్ళ సగటు చదువు 8.02 ఏళ్ళు, చిన్నవాళ్ళది 8.49. తక్కువ కట్టినచోట 9.40 నుంచి 9.76 అయింది. అంటే ఒకచోట 0.47, ఇంకోచోట 0.36 పెరిగింది. కాలంతోపాటు అందరికీ పెరిగేది తీసేస్తే మిగిలిన ఆ కాస్తే బడుల పుణ్యం. జీతాలకీ ఇదే లెక్క వేసి, జీతంలో పెరుగుదలని చదువులో పెరుగుదలతో భాగిస్తే ఏడాది చదువుకి సుమారు 7 నుంచి 11 శాతం తేలింది.

ఆ జిల్లాలు ఎలాగూ బాగుపడుతున్నాయేమో అన్న అనుమానం నాకూ వచ్చింది. అందుకే ఆవిడ, బడులు అందని 12–17 ఏళ్ళవాళ్ళని 18–24 వాళ్ళతో కూడా పోల్చారు. అక్కడ తేడా దాదాపు సున్నా. ఇంకో విచిత్రం, ఏ జాగ్రత్తా లేకుండా నేరుగా పోలిస్తే వచ్చే అంకె కూడా 8 శాతం దరిదాపుల్లోనే ఉంది. అక్కడి మటుకు పెద్దమ్మ అనుమానం అంతగా నిలబడలేదు.

అయితే ఇదంతా మగవాళ్ళ లెక్క. ఎమ్మెస్సీ చేసి డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంట్లో ఉన్న మనలాంటివాళ్ళ జీతం గడి ఖాళీ. ఖాళీ ఉంటే లెక్కలోంచే తీసేస్తారు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళని మాత్రమే చూద్దామా అంటే, ఎవరు ఉద్యోగంలోకి వెళ్ళగలిగారన్నదాంట్లోనే పుట్టిల్లు, అత్తిల్లు మళ్ళీ దూరతాయి. అందుకే డుఫ్లో తర్వాత ఒక సహచరితో కలిసి అవే బడుల ఆధారంగా జీతం కాకుండా పిల్లల ప్రాణాలు చూశారు. పసిపిల్లల మరణాలు తగ్గడంలో అమ్మ చదువు, నాన్న చదువు రెండూ సమానంగానే కనిపించాయి. ఆడపిల్ల పెళ్ళి వయసు పెరగడంలో మాత్రం ఆమె చదువుదే పైచేయి.