షెడ్యూలు సమస్యకు వచ్చిన జవాబును సరిచూడడం

తార్కిక విశ్లేషణ పాఠాలలో కొందరు వ్యక్తులు, కొన్ని గదులు, కొన్ని వేళలు ఇచ్చి, షరతులన్నీ ఒకేసారి నెరవేరేలా అమర్చమని అడిగే సమస్యలు వస్తాయి. జవాబు ఎలా కనుక్కోవాలో మీరు ఇంతకుముందు చదివారు. కనుక్కున్న జవాబు సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలన్నది ఈ పాఠంలో చూద్దాం. చాలామంది విద్యార్థులు మార్కులు పోగొట్టుకొనేది జవాబు దొరకక కాదు. దొరికిన జవాబులో ఒక్క షరతు తప్పినా గమనించకపోవడం వల్ల.

1. సమస్య

ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం నాడు ఆరుగురు అధ్యాపకులు తరగతులు తీసుకోవాలి. వారు అనసూయ, భారతి, చలపతి, దుర్గ, ఈశ్వర్, ఫాతిమా. గదులు రెండు. పీరియడ్లు మూడు: 10 గంటలకు మొదటిది, 11 గంటలకు రెండవది, 12 గంటలకు మూడవది. ఒక్కొక్కరికి ఒక్కటే తరగతి. ఒక గదిలో ఒక పీరియడ్‌లో ఒక్కరే ఉండాలి. షరతులు ఇవి:

(1) భారతికి ప్రొజెక్టర్ కావాలి. అది 1వ గదిలో మాత్రమే ఉంది.
(2) చలపతి, దుర్గ ఇద్దరూ దూరం నుంచి వస్తారు కాబట్టి మొదటి పీరియడ్ తీసుకోలేరు.
(3) అనసూయ తరగతి ఈశ్వర్ తరగతి కంటే ముందు పీరియడ్‌లో ఉండాలి.
(4) దుర్గ, ఫాతిమా ఒకే విద్యార్థులకు చెబుతారు కాబట్టి వారి తరగతులు ఒకే పీరియడ్‌లో ఉండకూడదు.
(5) ఈశ్వర్, ఫాతిమా ఒకే గదిలో చెప్పాలి.
(6) దుర్గకు 2వ గది ఇస్తే, చలపతి తరగతి మూడవ పీరియడ్‌లో ఉండాలి.
(7) భారతి తరగతి అయిన వెంటనే వచ్చే పీరియడ్‌లో ఫాతిమా తరగతి ఉండాలి. గది ఏదైనా కావచ్చు.

ఒక విద్యార్థి ఇచ్చిన జవాబు ఇది అనుకుందాం:

| పీరియడ్ | 1వ గది | 2వ గది |
|---|---|---|
| మొదటి | భారతి | అనసూయ |
| రెండవ | దుర్గ | ఫాతిమా |
| మూడవ | చలపతి | ఈశ్వర్ |

2. ముందుగా పట్టికనే సరిచూడాలి

షరతుల దగ్గరికి వెళ్లే ముందు పట్టిక పట్టికగా సరిగా ఉందో లేదో చూడాలి. గడులు ఆరూ నిండాయి కదా అని సరిపెట్టుకోవద్దు. ఒకరి పేరు రెండుసార్లు వచ్చి మరొకరి పేరు జారిపోయినా గడులు ఆరూ నిండే ఉంటాయి. అందుకని పట్టికను తిరగవేసి, వ్యక్తుల వారీగా ఒక జాబితా రాసుకోండి. ప్రతి పేరుకు ఎదురుగా ముందు గది, తరువాత పీరియడ్ రాయాలి:

అనసూయ – 2వ గది, మొదటి పీరియడ్
భారతి – 1వ గది, మొదటి పీరియడ్
చలపతి – 1వ గది, మూడవ పీరియడ్
దుర్గ – 1వ గది, రెండవ పీరియడ్
ఈశ్వర్ – 2వ గది, మూడవ పీరియడ్
ఫాతిమా – 2వ గది, రెండవ పీరియడ్

పట్టిక గదుల తాకిడిని చూపుతుంది. జాబితా వ్యక్తుల లెక్కను చూపుతుంది. షరతులు దాదాపు అన్నీ వ్యక్తుల పేర్లతోనే మొదలవుతాయి కాబట్టి ఇక మీదట ఈ జాబితానే చూస్తే సరిపోతుంది.

3. ఒక్కొక్క షరతును విలువలతో చూడాలి

షరతు చదివి, పట్టిక వైపు ఒకసారి చూసి, టిక్కు పెట్టడం చాలామందికి అలవాటు. ఆ పద్ధతిలో కన్ను మోసపోతుంది. మనమే వేసిన పట్టిక కాబట్టి అది సరిగానే కనిపిస్తుంది. టిక్కుకు బదులు షరతుకు సంబంధించిన విలువలను జాబితా నుంచి తెచ్చి రాయండి.

(1) భారతి 1వ గది. సరి.
(2) చలపతి మూడవ పీరియడ్, దుర్గ రెండవ పీరియడ్. సరి.
(3) అనసూయ మొదటి పీరియడ్, ఈశ్వర్ మూడవ పీరియడ్. సరి.
(4) దుర్గ రెండవ పీరియడ్, ఫాతిమా రెండవ పీరియడ్. తప్పు.
(5) ఈశ్వర్ 2వ గది, ఫాతిమా 2వ గది. సరి.
(6) దుర్గ 1వ గది. షరతు వర్తించదు. సరి.
(7) భారతి మొదటి పీరియడ్, ఫాతిమా రెండవ పీరియడ్. సరి.

ఏడింటిలో ఆరు నెరవేరాయి. అయినా జవాబు తప్పే. ఈ రకం సమస్యలో "చాలావరకు సరి" అనే స్థితి లేదు. ఆ ఆదివారం ఈ పట్టికనే అమలు చేస్తే, 11 గంటలకు ఒకే విద్యార్థులు రెండు గదులలో కూర్చోవలసి వస్తుంది.

తప్పు కనిపించగానే ఆగిపోకుండా ఏడూ పూర్తిగా చూశామన్నది గమనించండి. తప్పు ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా అన్నది తెలిస్తేనే ఏది మార్చాలో తెలుస్తుంది.

4. సవరణ తరువాత మళ్లీ సరిచూడాలి

నాలుగవ షరతు తప్పింది కాబట్టి దుర్గను గాని ఫాతిమాను గాని కదపాలి. విద్యార్థి ఈశ్వర్, ఫాతిమాల చోట్లు మార్చాడనుకోండి. ఇప్పుడు ఈశ్వర్ రెండవ పీరియడ్, ఫాతిమా మూడవ పీరియడ్. నాలుగవ షరతు కుదిరింది. విద్యార్థి తృప్తిపడి జవాబు రాసేస్తాడు. కాని భారతి మొదటి పీరియడ్‌లోనూ ఫాతిమా మూడవ పీరియడ్‌లోనూ ఉన్నారు. ఇంతకుముందు సరి అని రాసుకున్న ఏడవ షరతు ఇప్పుడు తప్పింది.

దానిని సరిచేయడానికి భారతిని రెండవ పీరియడ్‌కు జరిపి, దుర్గను మొదటి పీరియడ్‌కు పంపితే ఏడవది కుదురుతుంది. కాని రెండవ షరతు తప్పుతుంది. ఒక చోట నొక్కితే మరొక చోట ఉబ్బుతుంది. షరతులన్నీ ఒకేసారి నెరవేరాలి అనే మాటకు అర్థం ఇదే. పాత పట్టికకు వేసిన "సరి" కొత్త పట్టికకు చెల్లదు.

నా ఉద్యోగకాలంలో ఒకసారి పరీక్షల పర్యవేక్షణ పట్టిక వేశాను. చివరి నిమిషంలో ఇద్దరి పేర్లు అటూ ఇటూ మార్చి, ఎందుకు మార్చానో ఆ ఒక్క కారణమే చూసుకున్నాను. మర్నాడు ఒకే అధ్యాపకుడి కోసం రెండు హాళ్లలో ఎదురుచూశారు. మొదట వేసిన పట్టికలో ఆ తప్పు లేదు. నేను చేసిన సవరణే దానిని తెచ్చింది.

అయితే సవరించినప్పుడల్లా ఏడూ మొదటి నుంచి చూడాలా? అక్కర్లేదు. కదిలిన వ్యక్తుల పేర్లు ఏయే షరతులలో ఉన్నాయో అవి చూస్తే చాలు. ఈశ్వర్, ఫాతిమా కదిలితే 3, 4, 5, 7 చూడాలి. మిగిలిన మూడింటిలో వారి ప్రస్తావనే లేదు కాబట్టి అవి మారవు. జవాబు ఖాయం చేసే ముందు మాత్రం ఒకసారి మొత్తం చూడండి.

5. "అయితే" షరతు దగ్గర పొరపాటు

మొదటి పట్టికనే తీసుకొని ఈసారి చలపతి, దుర్గల చోట్లు మార్చండి. చలపతి రెండవ పీరియడ్, దుర్గ మూడవ పీరియడ్, ఇద్దరూ 1వ గదిలోనే. వీరి పేర్లు ఉన్న షరతులు 2, 4, 6. రెండవది: ఇద్దరూ మొదటి పీరియడ్‌లో లేరు, సరి. నాలుగవది: దుర్గ మూడవ పీరియడ్, ఫాతిమా రెండవ పీరియడ్, సరి.

ఆరవ షరతు దగ్గర చాలామంది తడబడతారు. "చలపతి మూడవ పీరియడ్‌లో ఉండాలి కదా, రెండవదానిలో ఉన్నాడే" అంటారు. షరతు అలా చెప్పలేదు. దుర్గకు 2వ గది ఇస్తేనే చలపతిపై ఆ నిర్బంధం. ఇక్కడ దుర్గ 1వ గదిలో ఉంది. షరతులోని మొదటి భాగమే జరగలేదు కాబట్టి రెండవ భాగం అడగనే అడగదు. చలపతి ఎక్కడ ఉన్నా షరతు నెరవేరినట్లే. మన విద్యార్థి చలపతిని మొదటి నుంచీ మూడవ పీరియడ్‌లో కూర్చోబెట్టడానికి బహుశా ఈ పొరపాటే కారణం.

ఇలాంటి షరతు తప్పేది ఒకే ఒక్క సందర్భంలో: మొదటి భాగం జరిగి, రెండవ భాగం జరగనప్పుడు. సరిచూసేటప్పుడు ఆ ఒక్క సందర్భం కోసమే వెతకండి. దీని నుంచి మరొక ఫలితం కూడా వస్తుంది: చలపతి మూడవ పీరియడ్‌లో లేడంటే దుర్గ 2వ గదిలో ఉండడానికి వీలులేదు.

6. ఇదొక్కటే జవాబా?

ఇంతవరకు చేసిన పరిశీలన ఈ జవాబు చెల్లుతుందని మాత్రమే చెబుతుంది. మరొక జవాబు లేదని చెప్పదు. "దుర్గ తప్పనిసరిగా ఏ పీరియడ్‌లో ఉండాలి?" అని ప్రశ్న అడిగితే ఆ రెండవ సంగతి కూడా తేలాలి. ఆరుగురిని ఆరు గడులలో 720 విధాలుగా అమర్చవచ్చు. అన్నిటినీ రాసి చూడనక్కర్లేదు. ఎక్కువ నిర్బంధం ఉన్న చోట నుంచి మొదలుపెడితే చాలు.

మొదటి పీరియడ్‌లో ఎవరు ఉండగలరో చూడండి. చలపతి, దుర్గ రెండవ షరతు వల్ల ఉండలేరు. ఈశ్వర్ కంటే ముందు అనసూయ ఉండాలి కాబట్టి ఈశ్వర్ ఉండలేడు. ఫాతిమా కంటే ముందు భారతి ఉండాలి కాబట్టి ఫాతిమా ఉండలేదు. మిగిలింది అనసూయ, భారతి. భారతికి 1వ గది, కాబట్టి అనసూయకు 2వ గది.

భారతి మొదటి పీరియడ్ అయితే ఫాతిమా రెండవది. దుర్గ ఆమెతో ఒకే పీరియడ్‌లో ఉండకూడదు కాబట్టి మూడవది. ఈశ్వర్, ఫాతిమాలకు ఒకే గది కాబట్టి ఈశ్వర్ కూడా రెండవ పీరియడ్‌లో ఉండలేడు. అతనికి మూడవది, చలపతికి రెండవది. చలపతి మూడవ పీరియడ్‌లో లేడు, కాబట్టి దుర్గకు 1వ గది. అప్పుడు ఈశ్వర్‌కు 2వ గది, అతనితోపాటు ఫాతిమాకు 2వ గది, చలపతికి 1వ గది. ప్రతి అడుగులోనూ ఒకే దారి మిగిలింది కాబట్టి జవాబు ఇదొక్కటే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

రెండవ షరతు నుంచి దుర్గ పేరు తీసివేశాం అనుకోండి. 1వ గదిలో వరుసగా దుర్గ, భారతి, చలపతి; 2వ గదిలో వరుసగా అనసూయ, ఈశ్వర్, ఫాతిమా. ఈ జవాబు చెల్లుతుందా? మనం పైన కనుక్కున్న జవాబు ఇంకా చెల్లుతుందా?

సమాధానం: రెండూ చెల్లుతాయి. అంటే ఒక్క పేరు తీసివేయగానే "ఇదొక్కటే జవాబు" అన్న మాట నిలవలేదు. 6వ భాగంలోని వాదనలో ఏ వాక్యం ఇప్పుడు పనిచేయదో గుర్తించి, మీ నోటు పుస్తకంలో రాయండి.